విరిగిన బోల్టుకు కొత్త తల

ట్రాక్టరు ఎక్కుతుంటే ఇంజన్ పక్క నుంచి టప్‌టప్‌మని చప్పుడు వస్తుంటే, సైలెన్సరు గొట్టంలో నుంచి పోవలసిన పొగ మధ్యలోనే చిమ్ముతుంటే, చాలాసార్లు కారణం ఒకటే. పొగ గొట్టాన్ని ఇంజన్ హెడ్డుకు పట్టి ఉంచే స్టడ్‌లలో ఒకటి తెగిపోయి ఉంటుంది. స్టడ్ అంటే తల లేని బోల్టు. ఒక కొస హెడ్డులోకి బిగిసి ఉంటుంది, రెండో కొస మీద నట్టు కూర్చుంటుంది. అది తెగితే బయటి ముక్క చేతికొస్తుంది, లోపలి ముక్క హెడ్డులోనే ఉండిపోతుంది. పట్టుకుని తిప్పడానికి దానికి తలా లేదు, తోకా లేదు.

ఇలాంటప్పుడు అనుభవం ఉన్న మెకానిక్ చేసే పని చూడటానికి చిత్రంగా ఉంటుంది. ఎలాగైనా ఊడదీయాలనుకుంటున్న ఆ ముక్క మీదే ఒక కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేసేస్తాడు. కాసేపు ఆగి, పానా వేసి తిప్పుతాడు. నాలుగు రోజులుగా కదలని ముక్క కిర్రుమంటూ తిరిగి బయటికి వస్తుంది. తల అరిగిపోయి పానాకు పట్టు దొరకని బోల్టుకూ ఇదే వైద్యం.

పట్టు దొరికింది కాబట్టి ఊడిందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. నట్టు ఇచ్చేది పట్టు మాత్రమే. బోల్టును వదులు చేసేది వెల్డింగ్ వేడి. ఈ సంగతి తెలిసినవాడు ఏ క్షణంలో పానా వెయ్యాలో, ఎంత బలం పెట్టాలో, నట్టు ఊడిపోతే ఏం చెయ్యాలో తడబడకుండా చెప్పగలడు. తెలియనివాడు ఎర్రగా ఉండగానే తిప్పి, ఉన్నదాన్ని కూడా తెంపుతాడు.

ఎందుకంత బిగుసుకుంటుంది?

బోల్టు మరకూ రంధ్రం మరకూ మధ్య కొద్దిగా ఖాళీ ఉండేలా తయారు చేస్తారు. మామూలు 10 ఎంఎం బోల్టుకు ఆ ఖాళీ కనీసం 0.03 మిల్లీమీటర్లు ఉంటుంది. చేత్తో బోల్టును తిప్పుతూ లోపలికి పంపగలుగుతున్నామంటే ఈ ఖాళీ వల్లే.

తుప్పు పట్టేది సరిగ్గా అక్కడే. ఇనుము తుప్పుగా మారితే ఉన్నంత చోటులో ఇమడదు. తుప్పు రకాన్ని బట్టి, అది పుట్టిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు కావాలంటుంది. ఖాళీ నిండిపోయాక కూడా తుప్పు పెరుగుతూనే ఉంటే, అది మరల మధ్య చీలలు దిగ్గొట్టినట్టే ఒత్తుతుంది. దమ్ము చేసే ట్రాక్టర్లు నీళ్లలోనూ బురదలోనూ తిరుగుతాయి. దానికి తోడు సైలెన్సరు దగ్గరి స్టడ్‌లు రోజూ కాలి, రోజూ చల్లారుతాయి. వేడికి గ్రీజూ నూనే మాడిపోతాయి, తడి మాత్రం వచ్చి చేరుతుంది. అందుకే బండిలో ఎక్కడ లేని మొండితనం ఆ స్టడ్‌లకు వస్తుంది.

అలాంటి బోల్టును పానాతో బలవంతంగా తిప్పితే, తిప్పే బలం మొదటి రెండు మూడు మరల దగ్గరే ఆగిపోతుంది. లోపలి మరలు కదలవు, బయటి కొస మెలిపడుతుంది. చివరికి రంధ్రం అంచు దగ్గర పుటుక్కున తెగుతుంది.

తెగిన ముక్కను తీయడానికి మార్కెట్లో ఈజీ అవుట్ అనే పనిముట్టు దొరుకుతుంది. ముక్క నడిమధ్యన డ్రిల్లుతో రంధ్రం చేసి, అందులోకి సూదిగా మొన తేలిన ఎడమ మర మేకును బిగించి తిప్పాలి. వదులుగా ఉన్న ముక్కకు ఇది బాగానే పనిచేస్తుంది. తుప్పుతో బిగిసిన ముక్కకు మాత్రం ఇందులో ఒక చిక్కుంది. మేకు లోపలికి దిగేకొద్దీ ముక్కను బయటికి ఉబ్బిస్తుంది. అసలే ఖాళీ లేక బిగిసిన ముక్క ఇంకా బిగుస్తుంది. ఈజీ అవుట్ చాలా గట్టి ఉక్కు, గట్టిదనంతోపాటు పెళుసుదనమూ ఉంటుంది. అది కూడా లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. అందుకే వెల్డింగ్ మిషన్ దగ్గరున్న మెకానిక్ ముందు నట్టు సంగతి చూస్తాడు, డ్రిల్లు జోలికి తర్వాత పోతాడు.

వేడి చేసే పని

ఇనుము వేడెక్కితే సాగుతుందని అందరికీ తెలుసు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా తొడిగేటప్పుడు కమ్మరి దాన్ని మంటల్లో ఎర్రగా కాల్చేవాడు. సాగి పెద్దదైన పట్టాను కర్ర చక్రం మీద దించి నీళ్లు పోస్తే, అది ముడుచుకుని చక్రాన్ని గట్టిగా పట్టేది. ఆ లెక్కన బోల్టును వేడి చేస్తే అది కూడా లావెక్కి, రంధ్రంలో ఇంకా బిగుసుకోవాలి కదా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అనుమానం సరైనదే. వేడిగా ఉన్నంతసేపూ బోల్టు నిజంగానే ఇంకా బిగిసి ఉంటుంది. మేలు జరిగేది చల్లారాక.

పట్టా ఒంటరిగా మంటల్లో ఉంది, దానికి అడ్డేమీ లేదు. ఎంత సాగాలో అంత సాగింది, చల్లారాక తన పాత కొలతకే వచ్చింది. బోల్టు పరిస్థితి వేరు. దాని చుట్టూ దళసరి పోత ఇనుము ఉంది. వెల్డింగ్ వేడి మొదట పడేది బోల్టు మీద. అది క్షణాల్లో ఎర్రబడుతుంది. చుట్టూ ఉన్న హెడ్డు పెద్దది కాబట్టి అంత త్వరగా వేడెక్కదు. బోల్టు లావెక్కాలనుకుంటుంది, రంధ్రం చోటివ్వదు.

కాస్త లెక్క వేసి చూద్దాం. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే తన కొలతలో పది లక్షల వంతుల్లో సుమారు 12 వంతులు పెరుగుతుంది. హెడ్డు కంటే బోల్టు 600 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకుంటే, 10 మిల్లీమీటర్ల బోల్టు 0.07 మిల్లీమీటర్లు లావెక్కాలి. 8.8 గుర్తున్న మామూలు గట్టి బోల్టు ఉక్కు నొక్కితే నొక్కుకుని, వదిలితే మళ్లీ పాత రూపానికి రాగలిగేది 0.3 శాతం వరకే. 10 మిల్లీమీటర్లకు అది 0.03. అంతకు మించి నొక్కితే ఉక్కు శాశ్వతంగా రూపు మారుతుంది. పైగా 600 డిగ్రీల దగ్గర ఉక్కు బలం సగానికి సగం పడిపోయి ఉంటుంది కాబట్టి, అది ఇంకా ముందే లొంగిపోతుంది.

అంటే పక్కలకు పెరగలేని బోల్టు తనలో తానే నలిగిపోతుంది. నలిగిన లోహం ఖాళీ ఉన్న వైపుకు, అంటే పైకి జరుగుతుంది. ఇక చల్లారడం మొదలైతే ముడుచుకోవడానికి అడ్డేమీ లేదు. నలిగి చిన్నదైన చోటు నుంచి మళ్లీ ముడుచుకుంటుంది కాబట్టి, పూర్తిగా చల్లారేసరికి మొదట ఉన్నదానికంటే సన్నబడుతుంది. రంధ్రం గోడ కూడా కొంత వేడెక్కి, కొంత నొక్కుకుంటుంది కాబట్టి సన్నబడటం కాగితం మీద లెక్కకు తక్కువే ఉంటుంది, మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. కానీ మరల మధ్య మొదట వదిలిన ఖాళీ కూడా వందో వంతుల్లోనే ఉందని గుర్తుంచుకోవాలి. తుప్పు మింగేసిన ఖాళీలో కొంతైనా తిరిగి వస్తే చాలు, బోల్టు తిరుగుతుంది.

వేడి తుప్పును కూడా వదిలిపెట్టదు. తుప్పు పెళుసు పదార్థం, ఉక్కులా సాగి ముడుచుకోలేదు. బోల్టు ఒకసారి ఉబ్బి ఒకసారి ముడుచుకునేసరికి మధ్యలో చిక్కిన తుప్పు పొర పగిలి పొడవుతుంది. గోధుమ రంగు తుప్పులో నీరు కూడా కలిసి ఉంటుంది. 300 డిగ్రీల చుట్టుపక్కల ఆ నీరు ఆవిరై పోతుంది, మిగిలిన ఎర్రటి పొడి తక్కువ చోటులో సర్దుకుంటుంది. ఎవరైనా మరకు పూసిన లాక్ జిగురు ఉంటే అది కూడా ఈ వేడికి మెత్తబడి పట్టు వదులుతుంది.

గ్యాస్ మంటతో కూడా వేడి చెయ్యవచ్చు కదా అంటే, చెయ్యవచ్చు. కానీ మంట బోల్టుతోపాటు చుట్టూ ఉన్న లోహాన్ని కూడా వేడి చేస్తుంది. రెండూ కలిసి వేడెక్కితే బోల్టు నలగదు. వెల్డింగ్ గొప్పతనమంతా వేడిని బోల్టు నడిమధ్యన, కొద్ది సెకన్లలో, చుట్టూ ఉన్నది కాగకముందే పెట్టగలగడంలో ఉంది.

ఒక హెడ్డు, ఒక స్టడ్

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు వచ్చిన ట్రాక్టరును చూద్దాం. హెడ్డు పోత ఇనుముది. పొగ గొట్టం తీసి పక్కన పెట్టారు. 10 ఎంఎం స్టడ్ ఒకటి హెడ్డు ముఖానికి రెండు మిల్లీమీటర్లు లోపల తెగి ఉంది. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె పోసి వదిలేశారు.

మేస్త్రీ మొదట చేసింది ఆ నూనెను శుభ్రంగా తుడిచేయడం. నూనె మీద వెల్డింగ్ వేస్తే అంటుకుంటుంది, వెల్డింగ్‌లో బుడగలు పడతాయి. తీగ బ్రష్షుతో తెగిన ముఖాన్ని మెరిసేదాకా రుద్దాడు. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయించాడు. ఎర్త్ క్లాంపును హెడ్డు మీదే, స్టడ్‌కు జానెడు దూరంలో పెట్టాడు. ఎర్త్‌ను ఛాసిస్ చివర ఎక్కడో పెడితే కరెంటు బేరింగుల గుండా దారి చూసుకుంటుంది. బేరింగు గుండ్ల మీద చిన్న చిన్న కాలిన గుంటలు పడతాయి, నెల తిరక్కముందే బేరింగు అరుస్తుంది.

రాడ్డు 2.5 ఎంఎం, 6013 రకం. ప్రతి వెల్డింగ్ షాపులోనూ దొరికే రాడ్డే. మిషన్ 90 ఆంపియర్ల దగ్గర పెట్టాడు. రాడ్డు మొనను స్టడ్ నడిమధ్యన ఆనించి, ఒకటి రెండు సెకన్లు వెలిగించి తీసేశాడు. చిట్టెం కొట్టి, బ్రష్షు పెట్టి, మళ్లీ ఒక చుక్క. ఇలా చుక్క మీద చుక్క పేర్చి, రెండు మిల్లీమీటర్ల గుంటను నింపి హెడ్డు ముఖం కంటే కాస్త పైకి తెచ్చాడు. ఇక్కడ చూపు నడిమి మీదే ఉండాలి. కరిగిన లోహం పక్కకు పోయి రంధ్రం గోడను తాకితే పోత ఇనుముకు అతుక్కోవచ్చు. పోత ఇనుములో కార్బన్ ఎక్కువ కాబట్టి ఆ అతుకు గాజులా గట్టిపడుతుంది, తర్వాత ట్యాపు కూడా దాన్ని కోయలేదు. అంచుల్లో చేరే చిట్టెం గోడకూ లోహానికీ మధ్య అడ్డుగా నిలిచి కొంత మేలు చేస్తుంది.

తర్వాత ఒక వాషర్. 8 ఎంఎం బోల్టుకు వేసే వాషర్‌ను ఎంచుకున్నాడు. దాని రంధ్రం 8.4 మిల్లీమీటర్లు కాబట్టి 10 ఎంఎం స్టడ్ అంచు వాషర్ కిందకు పోతుంది, కరిగిన లోహం మరల మీదకు జారదు. వాషర్ రంధ్రంలో నుంచే స్టడ్‌కు అతికించాడు. దాని మీద 12 ఎంఎం మర ఉన్న నట్టు. స్టడ్ కంటే ఒక సైజు పెద్ద నట్టు వేయడంలో అర్థముంది. 12 ఎంఎం నట్టు లోపలి వెడల్పు పది మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది కాబట్టి రాడ్డు మొన అడుగుదాకా పోతుంది, కరిగేది కంటికి కనిపిస్తుంది. పైగా దానికి 19 నంబరు పానా పడుతుంది. నట్టు నల్లటిది, జింకు పూత లేనిది.

ఇప్పుడు నట్టు లోపల అడుగున మొదలుపెట్టి, రాడ్డును చిన్నగా గుండ్రంగా తిప్పుతూ పైదాకా నింపాడు. పది పదిహేను సెకన్లు ఆపకుండా వెలిగింది. నట్టు అంతా నారింజ రంగుకు వచ్చింది. ఈ నింపడం అతుకు కోసమే కాదు, వేడి స్టడ్ లోపలికి దిగాలి. రెండు బొట్లు పెట్టి ఆపేస్తే నట్టు అతుక్కుంటుంది గానీ స్టడ్ నలిగేంత వేడి లోపలికి పోదు.

పక్కనున్న కుర్రాడు పానా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

“తిప్పమంటావా అన్నా?”

“ఆగరా. ఎరుపు పోనీ.”

ఎరుపు తగ్గి నట్టు నల్లబడ్డాక మేస్త్రీ మైనపు కొవ్వొత్తి తీసుకుని వాషర్ అంచుకు ఆనించాడు. మైనం మంటెత్తుకుంటే ఇంకా వేడి ఎక్కువని అర్థం. మంట లేకుండా కరిగి నీళ్లలా జారితే సమయం వచ్చినట్టు. కరిగిన మైనం చాలా పలచగా ఉంటుంది. ముడుచుకుంటున్న స్టడ్ చుట్టూ తెరుచుకునే సన్నటి సందులోకి తనంతట తానే పాకుతుంది, తుప్పు పొడి మధ్యన జారుడుగా కూర్చుంటుంది. చల్లారాక నూనె వేసినా ఇదే పని జరుగుతుంది. ఎర్రటి ఇనుము మీద మాత్రం నూనె వేయకూడదు, భగ్గున మండుతుంది.

మొదటిసారి పానా వేసి తిప్పగానే నట్టు ఊడి కింద పడింది. కుర్రాడి ముఖం వాడిపోయింది. మేస్త్రీ నట్టును తిప్పి అడుగు చూశాడు. వెల్డింగ్ నట్టు గోడకు బాగా పట్టింది గానీ అడుగున స్టడ్‌కు తగలాల్సిన చోట నున్నగా, నల్లగా ఉంది. అంటే అక్కడ లోహం కరిగి కలవలేదు, మీద కూర్చుందంతే. అదే అడుగు భాగం గరుకుగా, మెరుస్తూ చిరిగి ఉంటే వెల్డింగ్ మంచిదే, బోల్టే ఇంకా మొండికేస్తోందని అర్థం చేసుకోవాలి.

“పర్లేదురా, చిట్టెం కొట్టి ఇంకోటి పెట్టు. ఇంకోసారి కాలిందిగా, అదే మంచిది.”

ఆ మాటలో పని మొత్తం ఉంది. నట్టు ఊడిపోవడం ఓటమి కాదు. స్టడ్ ఒకసారి కాలి చల్లారింది, కొంత సన్నబడింది, తుప్పు కొంత పగిలింది. మళ్లీ అతికిస్తే మళ్లీ కాలుతుంది. రెండో నట్టు కూడా ఊడితే మూడోది పెట్టవచ్చు. ప్రతి నట్టూ ఒక విడత వేడి.

రెండో నట్టుకు ఆంపియర్లు పది పెంచి, అడుగున కాస్త ఎక్కువసేపు నిలబెట్టాడు. చల్లారాక పానా వేసి, మొదట బిగించే వైపు కొద్దిగా నొక్కాడు. కిర్రుమని చిన్న చప్పుడు. తర్వాత విప్పే వైపు. మళ్లీ బిగించే వైపు. అటో వేలెడు, ఇటో వేలెడు. పగిలిన తుప్పు పొడి మరల్లో చిక్కి ఉంటుంది. ఒకే వైపు లాగితే ఆ పొడి ముందుకు పోగుపడి మళ్లీ బిగుస్తుంది, అటూ ఇటూ కదిపితే నలిగి పోతుంది. ప్రతి కదలికకూ రెండు చుక్కల నూనె వేస్తూ, నాలుగైదు సార్లు ఊపాక స్టడ్ తిరగడం మొదలుపెట్టింది. చివరి మరలు చేత్తోనే వచ్చాయి.

చేతికి తెలిసే సంగతులు

తిప్పేటప్పుడు చేతికి వచ్చే స్పర్శను పట్టించుకోవాలి. పానా కదిలింది, వదిలేస్తే వెనక్కి వచ్చేసింది అంటే బోల్టు తిరగడం లేదు, స్ప్రింగులా మెలి తిరుగుతోంది. అక్కడే ఆగాలి. ఇంకొంచెం నొక్కితే ఈసారి ఇంకా లోపల తెగుతుంది. నట్టు ఊడకపోయినా సరే, దాని మీదే మళ్లీ వెలిగించి ఇంకో విడత వేడి ఇవ్వాలి. పానా కదిలి, వదిలినా అక్కడే నిలిచిందంటే బోల్టు కదిలినట్టు. గట్టిగా ఉండి, ఉన్నట్టుండి మెత్తగా తేలికగా తిరిగిందంటే సంతోషించకండి, వెల్డింగో బోల్టో చిరుగుతోందేమో చూసుకోవాలి. బోల్టు నిజంగా తిరుగుతుంటే కిర్రుమని శబ్దం చేస్తూ, ఒకేలాంటి బిగువుతో వస్తుంది.

తొందరపడి నీళ్లు పోయడం ఇంకో పెద్ద తప్పు. పోత ఇనుము హెడ్డు ఒక్కచోట కాలి ఉండగా నీళ్లు తగిలితే పగులు పట్టవచ్చు, అప్పుడు స్టడ్ బదులు హెడ్డే మార్చాలి. 10.9, 12.9 అని తల మీద అంకెలున్న బోల్టుల ఉక్కు కూడా నీళ్లకు పెళుసవుతుంది, వెల్డింగ్ పక్కనే చిటుక్కున విరుగుతుంది. గాలికి నెమ్మదిగా చల్లారనివ్వడమే మంచిది.

తల అరిగిన బోల్టు, కదలని నట్టు

తల తెగకుండా మూలలు మాత్రం అరిగిపోయిన బోల్టుకు పని సులువు. తల మీద నట్టు పెట్టి నింపితే చాలు. ఇక్కడ వేడి ఇంకో మేలు కూడా చేస్తుంది. బిగించిన బోల్టు లోపల లాగిన తాడులా సాగి ఉంటుంది. తిప్పేటప్పుడు మర ఒరిపిడితోపాటు తల కింద ఈ బిగువు కూడా ఎదురొస్తుంది. 50 మిల్లీమీటర్ల పొడవున్న బోల్టు కాడ 200 డిగ్రీలు వేడెక్కితే 0.12 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. ఆ మేరకు తల కింద ఒత్తిడి సడలుతుంది.

స్టడ్ బాగానే ఉండి, దాని మీది నట్టు మాత్రం బిగుసుకుపోతే లెక్క తిరగబడుతుంది. అప్పుడు వేడి చెయ్యాల్సింది నట్టును. ఎడ్లబండి పట్టాలాగే నట్టు స్వేచ్ఛగా సాగి వదులవుతుంది, దాన్ని వేడిగా ఉండగానే తిప్పాలి. ఒక్క మాటలో చెప్పాలంటే, బయటిదాన్ని కాలిస్తే వేడిలోనే తిప్పాలి, లోపలిదాన్ని కాలిస్తే చల్లారాక తిప్పాలి. షెడ్డుల్లో ఎక్కువ బోల్టులు తెగేది ఈ రెండూ కలగలిపినందువల్లే.

ఇప్పటి కార్లకూ, బైకులకూ హెడ్డు అల్యూమినియంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, ఉక్కు కరగడానికి 1,500 డిగ్రీల దాకా కావాలి. అయినా అల్యూమినియంలో చిక్కిన ఉక్కు బోల్టు మీద నట్టు వెల్డింగ్ చేయవచ్చు. కరిగిన ఉక్కు అల్యూమినియంకు అతకదు. అల్యూమినియం వేడిని త్వరగా చుట్టూ పంచేస్తుంది కాబట్టి, బోల్టు ఎర్రబడినా రంధ్రం గోడ సాధారణంగా కరగదు. కానీ రాడ్డు మొన జారి నేరుగా అల్యూమినియంకు తగిలితే గుంట పడుతుంది, అది సరిచేయడం పెద్ద పని. పైగా వేడి విడతలు మరీ ఎక్కువైతే చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తబడుతుంది. ఇక్కడ చుక్క చుక్కగా, విడతకూ విడతకూ మధ్య వ్యవధి ఇస్తూ చెయ్యాలి. చేయి తిరిగినవాళ్లు సీఓ2 మిషన్‌తో, సన్నటి 0.8 ఎంఎం తీగతో చేస్తారు, నడిమి మీద గురి కుదురుతుందని.

ఎక్కడ వద్దు

డీజిల్ ట్యాంకు, పెట్రోలు గొట్టం, సీఎన్‌జీ సిలిండరు పక్కన ఉన్న బోల్టుకు ఈ వైద్యం వద్దు. రబ్బరు బుష్షులు, ఆయిల్ సీళ్లు ఆనుకుని ఉంటే అవి కాలిపోతాయి, వాటిని మార్చుకోవడానికి సిద్ధపడి చెయ్యాలి. కొత్త బండ్లలో కంప్యూటరు పెట్టెలు ఉంటాయి కాబట్టి బ్యాటరీ వైరు తీయకుండా హోల్డరు పట్టుకోకూడదు.

జింకు పూత ఉన్న నట్టు తెల్లగా మెరుస్తూ అందంగా ఉంటుంది, వెల్డింగ్ వేడికి ఆ జింకు తెల్లటి పొగగా లేస్తుంది. అది పీల్చినవాళ్లకు ఆ రాత్రి చలి జ్వరం వచ్చినట్టు ఒళ్లంతా వణుకుతుంది, అతుకులోనూ బుడగలు పడతాయి. నల్ల నట్టు దొరక్కపోతే పూతను గ్రైండరుతో తీసేయాలి. ఇంకా ప్రమాదమైంది బ్రేకులు కడిగే స్ప్రే. వాటిలో కొన్నింట్లో క్లోరిన్ రసాయనాలు ఉంటాయి. దాంతో కడిగి, ఆరకుండా వెల్డింగ్ వేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కొద్దిగా పీల్చినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. శుభ్రం చేయడానికి తీగ బ్రష్షూ పొడి గుడ్డా చాలు. ముసుగు లేకుండా ఒక్క చుక్కే కదా అని వెలిగించేవాళ్లకు రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాల్చేస్తాయి. పక్కన నిలబడి చూసే కుర్రాడికి కూడా అదే జరుగుతుంది కాబట్టి అతనికీ ముసుగు ఇవ్వాలి.

ముక్క వచ్చాక

బయటికి వచ్చిన ముక్కను నట్టుతో సహా పారేయాల్సిందే. నలిగి, కాలి, బలం పోయిన ఉక్కు అది. రంధ్రంలోకి 10 ఎంఎం ట్యాపును చేత్తో నెమ్మదిగా పంపి, మిగిలిన తుప్పు పొడిని తీసి, గాలి కొట్టాలి. ట్యాపు ఎక్కడైనా గట్టిగా అడ్డుకుంటే బలవంతం చేయకూడదు. వెల్డింగ్ చుక్క గోడకు తగిలిందేమో టార్చి వేసి చూడాలి.

కొత్త స్టడ్ మరకు రాగి పొడి కలిసిన గ్రీజు పలచగా పూసి బిగిస్తే, మామూలు గ్రీజులా అది సైలెన్సరు వేడికి మాడిపోదు. దానిలోని రాగి రెండు మరల మధ్య పొరగా మిగిలి ఉంటుంది. ఆ పూత ఉంటే మర తేలికగా జారుతుంది కాబట్టి, ఎప్పటిలా చేతి బలమంతా పెట్టి బిగిస్తే కొత్త స్టడ్ అవసరానికి మించి సాగుతుంది. బండి పుస్తకంలో చెప్పిన బిగువుకు టార్క్ పానాతో బిగించాలి. ఇంజను ఒకసారి బాగా కాగి పూర్తిగా చల్లారాక నట్లన్నీ ఇంకోసారి చూసుకోవాలి. గ్యాస్కెట్టు సర్దుకుని ఒకటి రెండు నట్లు సడలి ఉంటాయి. సడలిన నట్టు దగ్గర పొగ చిమ్మితే పక్క స్టడ్ మీద భారం పడుతుంది, మళ్లీ తెగేది అదే.